తమ్ముడికి ఈ మెసేజ్ పంపొచ్చా? చెలక పంపకం దగ్గర మాటలు ఆగిపోయాయి

చెలక_పెద్దోడు:
మాది దేవరకొండ దగ్గర ఊరు. బాపు వీలునామా రాయకుండానే పోయాడు, ఆయన పేరు మీద నాలుగెకరాల ఇరవై గుంటల చెలక ఉంది. ఉగాదికి ముందు పెద్దమనుషుల దగ్గర పంపకం చెడింది, ఆరు నెలలుగా తమ్ముడితో మాటల్లేవు. ఇది రాసుకున్నా, పంపొచ్చా చెప్పండి:
"తమ్మీ, అయిందేదో అయింది. నువ్వు అన్నవన్నీ నేను మనసులో పెట్టుకోలేదు. సగం సగం అన్నదే న్యాయం, నీకూ తెలుసు. అమ్మ ఉంటే ఇట్లా అయ్యేది కాదు. ఎప్పుడు కూర్చుందాం?"

కాయితాల_కాక:
పంపకండి. ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నా, ఇట్లాంటి మెసేజ్‌లు నా టేబుల్ ముందు ఫోన్లో తెరిచి చూపించేవాళ్లను చాలామందిని చూశా. "నువ్వు అన్నవన్నీ మనసులో పెట్టుకోలేదు" అంటే ఒక్కొక్కటీ గుర్తుంది అని చెప్పడమే. "నీకూ తెలుసు" అంటే తెలిసీ అన్యాయం చేస్తున్నావని. అమ్మను మధ్యలోకి తెచ్చాక ఆయన ఇంక చదవడు. మిగిలింది చివరి ప్రశ్న ఒక్కటే, దానికీ ఏ రోజో ఏ పనికో లేదు. ముందు పాళ్ల మాట వదిలేసి, ఇద్దరిలో ఎవరికీ జవాబు తెలియని పని ఒకటి పట్టుకోండి. పాసుబుక్కులో ఉన్నంత నేల చెలకలో నిజంగా ఉందా లేదా? కొలిపిద్దాం అనండి చాలు.

మిర్యాలగూడ_శీను:
పార్టిషన్ సూట్ వేయండి అన్నా, ఎందుకీ మెసేజ్‌లు.

చెలక_పెద్దోడు:
శీను అన్నా, కేసు వేసేదుంటే ఇక్కడెందుకు అడుగుతా?

లా_పాయింట్:
కాక ఊరికే భయపెడుతున్నారు. వాట్సాప్ మెసేజ్ సర్టిఫికెట్ లేనిదే కోర్టులో చెల్లదు. ధైర్యంగా ఏమైనా రాసుకోండి.

కాయితాల_కాక:
సర్టిఫికెట్ కావాలన్నది నిజమే బాబూ. 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్. ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఒక సంతకం, నిపుణుడు ఒక సంతకం పెడితే అయిపోయే పని. అయినా నేను చెప్పేది కోర్టు గురించి కాదు. ఆ మెసేజ్ మొదట చేరేది తమ్ముడి బామ్మర్దికి. ఆయన "సగం" అనే మాట మీద వేలు పెట్టి ఇదిగో మళ్లీ అదే పాట అంటాడు, అక్కడితో సరి.

లా_పాయింట్:
సగం అనడంలో తప్పేముంది? ఇద్దరు అన్నదమ్ములు, చట్టం ప్రకారం సగమే.

నాగర్‌కర్నూల్_ఆడబిడ్డ:
ఇద్దరేనా? మా అన్నలు కూడా ఇట్లాగే ఇద్దరే కూర్చుని పంచుకున్నారు, నేను సంతకం పెట్టాల్సిన రోజున చీర పట్టుకొచ్చారు. అన్నా, మీకు అక్కచెల్లెళ్లు లేరా?

చెలక_పెద్దోడు:
అక్క ఉంది. పెళ్లికి ఇవ్వాల్సింది ఇచ్చాం. ఆమె ఏనాడూ అడగలేదు, ఆమెకు మాకు గొడవే లేదు. దయచేసి మెసేజ్ సంగతి చెప్పండి.

నాగర్‌కర్నూల్_ఆడబిడ్డ:
అడగకపోతే వద్దన్నట్టా? నేను కూడా పదేళ్లు అడగలేదు.

కాయితాల_కాక:
ఆమె అన్నది మెసేజ్ సంగతే. బాపు వీలునామా రాయలేదు, అమ్మా లేదు, కాబట్టి ముగ్గురికీ సమానం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో సవరణ వచ్చింది, కూతుళ్లకూ సమాన హక్కేనని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. పెళ్లిలో పెట్టింది వాటా కింద రాదు. నాలుగెకరాల ఇరవై గుంటలంటే నూట ఎనభై గుంటలు, మనిషికి అరవై, అంటే ఎకరం ఇరవై. మీరిద్దరూ ఆరు నెలలుగా తొంభై కోసం కొట్లాడుతున్నారు. అక్క తనకు వద్దంటే మంచిదే, కానీ అది నోటిమాటతో కాదు, రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం ఉండాలి. లేకుంటే భూమి మీ పేర్ల మీదికి మార్చే విరాసత్ కోసం తహసీల్ ఆఫీసుకు పోయిన రోజు పని మళ్లీ ఆగుతుంది.

చెలక_పెద్దోడు:
ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

ఊర్లో_ఉన్నోడు:
లెక్కలు సరే. ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకండి. మీరు పట్నంలోనే ఉంటారు కదా? బోరు ఎవరు వేయించారు?

చెలక_పెద్దోడు:
బోరు తమ్ముడే వేయించాడు. దానికీ దీనికీ ఏం సంబంధం?

ఊర్లో_ఉన్నోడు:
ఉంది. బోరు ఏ ముక్కలో ఉంది, బాట పక్క ముక్కలోనేనా? మా ఇంట్లోనూ ఇదే. చెలక మొత్తంలో నీళ్లున్న ముక్క ఒక్కటే, మా అన్న సంక్రాంతికి వచ్చి అదే కావాలన్నాడు. అమ్మను చూసింది ఎవరు, నేను.

చెలక_పెద్దోడు:
అందరూ ఊర్లో ఉన్నోళ్లే కష్టపడ్డట్టు మాట్లాడతారు. నేను నెలనెలా పైసలు పంపలేదా? అమ్మ మందులన్నీ నావే. వాడు బాట పక్క ముక్క బోరుతో సహా నాకే కావాలంటే నేను ఏమనాలి? అమ్మకు చేసిన సేవకు కూలి అడుగుతున్నావా అని అన్నాను. తప్పా?

ఊర్లో_ఉన్నోడు:
ఈ మాట ఎంతమంది ముందు అన్నారు?

చెలక_పెద్దోడు:
పదిమంది దాకా ఉన్నారు. మరదలు చాయ్ గ్లాసులు తెచ్చింది అప్పుడే. గడపలోనే పళ్లెం కింద పెట్టి లోపలికి పోయింది, ఎవరూ చాయ్ తాగలేదు. అమ్మకు మూడేళ్లు కాళ్లూ చేతులూ పడిపోతే ఎత్తింది దించింది ఆమెనే.

ఊర్లో_ఉన్నోడు:
మరి మీ మెసేజ్‌లో "నువ్వు అన్నవన్నీ" అని ఉందేంటి? అన్నది మీరు. ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి. అది లేకుండా కొలతల గురించి రాస్తే, సర్వేయర్ పేరు వినగానే హద్దురాళ్లు పాతడానికి వస్తున్నారనుకుంటాడు. ఊర్లో కొలత అంటే సగం బెదిరింపే, కాకకు తెలియంది కాదు.

కాయితాల_కాక:
అది ఒప్పుకుంటా. అందుకే రాళ్లు పాతం, కొలత మాత్రమే అని రాయాలి. ఖర్చు కూడా చెరి సగం. మొత్తం మీరే పెడితే సర్వేయర్ మీ మనిషి అయిపోతాడు. పత్తి నిలబడి ఉండగా గొలుసు పోదు, ఏరుడు అయ్యాకే రోజు పెట్టుకోండి. కానీ క్షమాపణ మెసేజ్‌లో వద్దు. ఆ మాట పడింది తమ్ముడికి కాదు, మరదలికి. గడప దగ్గరికి పోయి చెప్పాల్సింది ఫోన్లో రాస్తే చవకైపోతుంది.

ఊర్లో_ఉన్నోడు:
గడప దాకా రానిస్తేనే కదా కాకా! నాకైతే మా అన్న ఒక్క లైను రాసినా చాలు. నాలుగేళ్లయింది, రాయలేదు.

లా_పాయింట్:
తప్పు ఒప్పుకున్నట్టు రాతలో ఇవ్వకూడదు.

నాగర్‌కర్నూల్_ఆడబిడ్డ:
అమ్మను ఎత్తి దించింది ఆమె అని రాతలో ఇస్తే ఏం పోతుంది మీకు, బోరా?

చెలక_పెద్దోడు:
రాత్రి పంపాను. ఇదీ:
"తమ్మీ, చెలక కొలిపిద్దామనుకుంటున్నా, రాళ్లు ఏం పాతం. పాసుబుక్కులో ఉన్నంత కింద ఉందో లేదో నాకైతే తెలియదు. ఖర్చు చెరి సగం. నీ పత్తి ఏరుడు అయినాక నీకు వీలైన రోజు చెప్పు, అక్కను కూడా పిలుద్దాం. ఒక రోజు ముందే వస్తా, మరదలితో మాట్లాడేది ఉంది."

కాయితాల_కాక:
చివరి లైను నేనైతే తీసేసేవాణ్ని.

ఊర్లో_ఉన్నోడు:
నాకు అదొక్కటే నచ్చింది.

చెలక_పెద్దోడు:
పొద్దున చూశాడు. మధ్యాహ్నానికి ఒకటే వచ్చింది: "అక్క వస్తదా?"

నాగర్‌కర్నూల్_ఆడబిడ్డ:
ఆమెకు మీరు ఇంకా ఫోన్ చేయలేదు కదా?