రాత్రంతా పింగ్ లాగ్ తీస్తే ఏమైనా తేలుతుందా?

నిద్రలేనివాడు: రోజూ నెట్ ఉన్నట్టుండి పోయి, రెండు మూడు నిమిషాలకి దానంతటదే వస్తోంది. ఫిర్యాదు చేస్తే "మా వైపు అంతా బాగానే ఉంది" అంటున్నారు. రౌటర్‌కొకటి, 8.8.8.8కొకటి రాత్రంతా పింగ్ పెట్టి లాగ్ తీస్తే తేలుతుందా, టైం వేస్టా?

తీగలరాజు: వేస్ట్. రౌటర్‌కి పింగ్ జవాబివ్వడం ఆఖరి పని, బిజీగా ఉంటే వదిలేస్తుంది. దాన్ని చూసి ఏం తేలుస్తారు?

ఒంటిచుక్క: ఒకటీ అరా పోతే మీరన్నది నిజమే. వరసగా ఇరవై పోతే అది బిజీ కాదు. రెండూ ఒకేసారి ఆగిపోతే గొడవ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య, లేదా రౌటర్‌లోనే. రౌటర్ పలుకుతూ బయటిది మాత్రమే పోతే దాని అవతల వైపు వెతకాలి. వై-ఫై మీద కాదు, కేబుల్ పెట్టి తీయండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా చూసుకోండి, లేకపోతే పొద్దున్నే దాని నిద్ర లాగ్ మిగులుతుంది.

గోరింట: మాకూ వీడియో కాల్‌లో గొంతు తెగిపోతోంది, స్పీడ్ టెస్ట్ బాగుంది. ప్లాన్ మార్చమంటారా?

నిద్రలేనివాడు: తీశాను. రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా `ping -t`, రెండు ఫైళ్ళలోకి. రెండింట్లోనూ చివర `Lost = 0 (0% loss)` అనే ఉంది. కానీ రెండుంపావు ప్రాంతంలో డౌన్‌లోడ్ ఆగిపోవడం నా కళ్ళతో చూశాను!

తీగలరాజు: చెప్పానా. లైన్ బాగుంది. డౌన్‌లోడ్ ఆ సైట్ వల్లే ఆగుంటుంది.

ఒంటిచుక్క: ఆగండి రాజుగారూ. విండోస్ పింగ్ చివరి లెక్కని నమ్మకూడదు. బయటి ఫైల్ తెరిచి `unreachable` అని వెతకండి.

నిద్రలేనివాడు: అమ్మో. ఇది ఒకేచోట 164 సార్లు ఉంది:

```
Reply from 192.168.1.1: Destination net unreachable.
```

సుమారు 11,600వ లైన్ దగ్గర మొదలైంది. లైన్ల పక్కన టైం లేదు.

ఒంటిచుక్క: అదే. బయటికి దారి లేదని మీ రౌటరే చెబుతోంది. చెప్పింది ఎవరైనా, ఏదో ఒక జవాబు వచ్చింది కదా అని విండోస్ దాన్ని "అందింది" కింద రాసుకుంటుంది. నెట్ రెండున్నర నిమిషాల పైన పోయినా లెక్క సున్నాయే. సెకనుకో లైను చొప్పున 11,600 అంటే మూడు గంటల పదమూడు నిమిషాలు, అంటే 2:13 ప్రాంతం. ఇది అంచనా మాత్రమే, ఎందుకంటే జవాబే రాని లైనుకి నాలుగు సెకన్ల పైనే పడుతుంది. ఈ రాత్రి పవర్‌షెల్‌లో టైంతో తీయండి:

```
ping -t 8.8.8.8 | ForEach-Object {
  "$(Get-Date -Format 'HH:mm:ss') $_"
} | Tee-Object bayata.txt
```

నిద్రలేనివాడు: అయితే దొరికిపోయారు! రౌటర్ పలికింది, బయటిది పోయింది, తప్పు వాళ్ళదే. ఈ ఫైలే పంపిస్తాను.

తీగలరాజు: పంపండి, ఇంకేం. నేను లైన్ పనికి వెళ్ళేవాణ్ణే. వై-ఫై మీద తీసిన లాగ్ మొహాన కొట్టి, అర్ధరాత్రి నన్ను స్తంభం ఎక్కించినవాళ్ళున్నారు. తీరా చూస్తే రౌటర్ వెనక వైరు వదులు. మీ లాగ్ "రౌటర్ అవతల" అంటుంది. రౌటర్ అవతల మీ ఇంట్లో ఇంకా రెండడుగుల వైరు, ఒక ఫైబర్ బాక్స్, దాని అడాప్టర్ ఉన్నాయి. అవి ఎవరు చూడాలి?

నిద్రలేనివాడు: నెలకి డబ్బు కట్టేది నేను, రాత్రి మేలుకుని నిరూపించాల్సిందీ నేనేనా?

ఒంటిచుక్క: ఇదా అసలు గొడవ! పింగ్ గురించి కాదన్నమాట. సరే, రాజుగారి మాటలో పాయింట్ ఉంది. రౌటర్ సొంత లాగ్‌లో అదే టైంకి ఏముందో చూడండి. పోర్ట్ లింకే పడిపోయిందని ఉంటే గొడవ ఆ వైరు, పోర్ట్, బాక్స్‌లలోనే. లింక్ నిలిచి లాగిన్ సెషన్ మాత్రమే తెగితే అప్పుడు ఫైబర్ వైపు అనుమానించాలి.

నిద్రలేనివాడు: `WAN link down` 2:14, `link up` 2:16. బాక్స్ పేజీలో అప్‌టైమ్ 9 గంటల 5 నిమిషాలు అంటోంది, ఇప్పుడు 11:20.

ఒంటిచుక్క: అంటే 2:15కి బాక్స్ రీస్టార్ట్ అయింది. వైరు మీద అనుమానం తగ్గింది.

తీగలరాజు: అడాప్టర్ ఎక్కడ గుచ్చారు?

నిద్రలేనివాడు: ఎక్స్‌టెన్షన్ బోర్డుకి. రౌటర్ కూడా దానికే, అది మాత్రం ఆగలేదు.

తీగలరాజు: బలహీనపడిన అడాప్టర్ చిన్న కుదుపుకే చేతులెత్తేస్తుంది, మంచిది తట్టుకుంటుంది. బోర్డు మార్చి చూడండి.

ఒంటిచుక్క: బాక్సే పాడై ఉండొచ్చుగా? రెండూ ఒకేసారి మార్చకండి, ఏది కారణమో తెలియదు. ఈ రాత్రికి బాక్స్ ఒక్కటీ గోడ సాకెట్‌కి పెట్టి లాగ్ తీయండి.

నిద్రలేనివాడు: బాక్స్ వాళ్ళదే కదా, ఎలా చూసినా...

తీగలరాజు: ముందు గోడకి పెట్టండి.