కమతాల విస్తీర్ణానికి స్తరాల హద్దులు ఎక్కడ గీయాలి?

కృష్ణాతీరం
నా పరిశోధన కోసం నాలుగు ఊళ్ల జాబితా నుంచి 120 కమతాలను శాంపిల్‌గా తీయాలి. మొత్తం విస్తీర్ణం అంచనా కట్టాలి, రైతుల అప్పుల వివరాలూ అడగాలి. కమతాలను విస్తీర్ణాన్ని బట్టి మూడు స్తరాలుగా, అంటే మూడు గుంపులుగా విడదీసి, హద్దులను రూట్ ఎఫ్ కలుపుకుంటూ పోయే పద్ధతిలో, అంటే ఒక్కో తరగతిలోని కమతాల సంఖ్య ఎఫ్‌కు వర్గమూలం తీసి వరసగా కూడుతూ పెట్టమన్నారు మా గైడ్. జాబితాను వ్యవసాయ గణన తరగతుల్లో వేశాను. హెక్టార్లలో: 0.5 లోపు 900, 0.5–1 లో 484, 1–2 లో 288, 2–3 లో 128, 3–4 లో 50, 4–5 లో 32, 5–7.5 లో 20, 7.5–10 లో 5, 10–20 లో 5. వర్గమూలాలు కూడితే 102 వచ్చింది. అందులో మూడో వంతు 34, రెండు వంతులు 68. వీటికి దగ్గరగా హద్దులు 0.5, 2 దగ్గర పడుతున్నాయి. ఇవి సరైనవేనా?

పాత సర్వేయర్
సరిగ్గానే ఉందమ్మా. 0.5 అంటే ఎకరం పావు, 2 అంటే దాదాపు ఐదెకరాలు. ఐదెకరాల లోపు అంటే చిన్న, సన్నకారు రైతులని ఊళ్లో అందరికీ తెలుసు. ఈ హద్దులతో ముందుకెళ్లండి.

నిర్మల
ఆగండి. తరగతుల వెడల్పులు ఒకేలా లేవు. మొదటి రెండూ అర హెక్టారువి, తర్వాతివి ఒక్కో హెక్టారు, ఆపైన రెండున్నర, చివరిది ఏకంగా పది. డెలీనియస్, హాడ్జెస్ 1959లో ఇచ్చిన నియమం సమాన వెడల్పు తరగతులకు. వెడల్పులు మారితే ఎఫ్‌ను వెడల్పుతో గుణించాకే వర్గమూలం తీయాలి, అంటే √(f × d). అర హెక్టారును ఒక యూనిట్ అనుకుంటే మీ వెడల్పులు 1, 1, 2, 2, 2, 2, 5, 5, 20. అప్పుడు వర్గమూలాలు 30, 22, 24, 16, 10, 8, 10, 5, 10. మొత్తం 135. 45కి దగ్గరగా ఉన్నది 52, అంటే 1 హెక్టారు. 90కి దగ్గరగా ఉన్నది 92, అంటే 3 హెక్టార్లు. మీ హద్దులు 1, 3.

పాత సర్వేయర్
పుస్తకంలో √f అనే ఉంటుంది. ఈ డి ఎక్కడి నుంచి వచ్చింది? ఉన్నది 288 మంది రైతులైతే 576 మంది అని రాసుకుంటారా?

నిర్మల
రైతుల్ని పెంచడం కాదు సార్. ఆ 1–2 తరగతినే చూడండి. 288 మందిని 1–1.5 లో 144, 1.5–2 లో 144 అని రెండు ముక్కలు చేద్దాం. ఒక్కోదానికి వర్గమూలం 12, రెండూ కలిపితే 24. ముక్కలు చేయకుండా √288 తీస్తే 17. అదే రైతులు, అదే భూమి. పట్టికలో ఒక గీత ఎక్కువ గీసినందుకు లెక్క 17 నుంచి 24కి మారిపోతే ఆ హద్దుకు అర్థమేముంది? √(288 × 2) అయితే గీత ఉన్నా లేకపోయినా 24.

సాగర్
ఇంత గొడవెందుకు? 1912 మందిని మూడు సమాన భాగాలు చేస్తే పోలా? తలా 637.

నిర్మల
సాగర్ గారూ, అలా చేస్తే మొదటి భాగమే కాదు, రెండో భాగం కూడా ఒక హెక్టారు లోపే ఆగిపోతుంది. మిగతా వైవిధ్యమంతా మూడో భాగంలో పడుతుంది. జాబితా సాగిన తోక అక్కడే ఉంది.

పాత సర్వేయర్
ఒక తరగతిని సగానికి కోస్తే రెండు సగాల్లో సమానంగా 144 మంది ఉంటారని ఎవరు చెప్పారు? ఒకటిన్నర లోపే ఎక్కువమంది ఉంటారు. పొలం మొహం చూసినవాళ్లెవరైనా చెబుతారు.

నిర్మల
ఆ మాట నిజమే. అందుకే గణన తరగతులు వదిలేసి అసలు జాబితాతో సన్నటి తరగతులు చేసుకోవాలని అంటాను. మీ పట్టికలో సగం మంది దాకా మొదటి గడిలోనే కూర్చున్నారు. ఆ గడి లోపల హద్దు పడాల్సి ఉన్నా పడే దారి లేదు.

రవి_డేటా
జాబితా ఉందిగా, R లో stratification ప్యాకేజీ వాడండి. x అంటే ఒక్కో కమతం విస్తీర్ణం.

```r
strata.cumrootf(x, n = 120, Ls = 3, nclass = 40)
```

నిర్మల
nclass ను 40 నుంచి 80కి, 150కి మార్చి చూడండి. హద్దులు బాగా ఊగుతుంటే తరగతులు ఇంకా లావుగా ఉన్నాయని అర్థం. 20 హెక్టార్ల దాకా సాగే జాబితాకు 40 తరగతులంటే ఒక్కోటీ అర హెక్టారు. మొదటి గడి కథ మళ్లీ మొదటికొస్తుంది.

చెరువుగట్టు
నాదో ప్రశ్న. ఈ విస్తీర్ణం ఎవరి పేరున ఉన్నది? మా నాన్న పొలం పాసుపుస్తకాల్లో మా ముగ్గురు అన్నదమ్ముల పేర్ల మీద ఉంది. దున్నేది మాత్రం మా పెద్దన్న ఒక్కడే, పక్కన ఇంకో నాలుగెకరాలు కౌలుకు కూడా చేస్తాడు. ఆమధ్య ఒక సర్వేవాళ్లు వచ్చి నన్ను సన్నకారు రైతుగా రాసుకుపోయారు. నేను ఉండేది హైదరాబాదులో. అన్నయ్యను ఎవరూ అడగలేదు. మీరు రూట్ తీసినా, రూట్‌కి రూట్ తీసినా మా ఇంటి లెక్క తప్పే.

కృష్ణాతీరం
చెరువుగట్టు గారూ, నా జాబితా ఇంటింటికీ తిరిగి, ఎవరు సాగు చేస్తున్నారో అడిగి రాసుకున్నది. కౌలు కూడా కలిపాను. కొన్ని మాత్రం పాసుపుస్తకాన్ని బట్టే రాయాల్సి వచ్చింది.

పాత సర్వేయర్
నిర్మల గారి 1, 3 హద్దుల్లో అరెకరం రైతూ దాదాపు రెండున్నర ఎకరాల రైతూ ఒకే స్తరంలో పడతారు. నాకు అది మింగుడుపడదు. నా సర్వీసులో ఒకసారి ఇలాగే పైనుంచి హద్దులు వచ్చాయి, రిపోర్టు తయారైంది. తర్వాత అతి చిన్న రైతుల అప్పు ఎంత అని అడిగితే శాంపిల్‌లో వాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. ఫీల్డులో ఎండకు తిరిగింది మేము, మాట పడింది మేము. ఏసీ గదుల్లో కూర్చుని వర్గమూలాలు తీసేవాళ్లకు ఇవేం తెలుస్తాయి!

నిర్మల
నేనూ ఎండలోనే తిరిగాను సార్, ఆ మాట వెనక్కి తీసుకోండి. మీరు అడ్డుపడుతున్నది √f కోసం కాదు, చిన్న రైతుల కోసమని ఇప్పుడు చెప్పారు. అది మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. సరే, మీ హద్దులతోనే లెక్క చూడండి. నేమన్ కేటాయింపులో ఒక్కో స్తరానికి వచ్చే వాటా ఆ స్తరంలోని కమతాల సంఖ్యను దాని ప్రామాణిక విచలనంతో గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 0.5 లోపు 900 మంది ఉన్నా విచలనం 0.14 మాత్రమే. 120లో వాళ్లకు దక్కేది 16. నా 1, 3 హద్దుల్లో మొదటి స్తరానికి 51 వస్తాయి, అందులో అర హెక్టారు లోపువాళ్లు సగటున 33 మంది పడతారు. మీరు కాపాడాలనుకున్నవాళ్లు మీ హద్దుల్లోనే సగానికి తగ్గిపోతున్నారు.

పాత సర్వేయర్
అయితే నేమన్ వద్దు. సంఖ్యకు తగ్గట్టు పంచండి. 900 మందికి 56 వస్తాయి.

నిర్మల
పంచవచ్చు. అయితే రూట్ ఎఫ్ నియమం నేమన్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టింది. స్తరాల్లో ఆ గుణకారాలు దాదాపు సమానంగా ఉండాలన్నది దాని వెనక ఆలోచన. కేటాయింపు మార్చేస్తే హద్దులకు ఆ నియమాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. అప్పులు అడిగేటప్పుడు అర హెక్టారు లోపువాళ్ల మీద విడిగా అంకె ఇవ్వాలంటే, వాళ్లను ఒక స్తరంగా పెట్టి, కావలసినన్ని ముందే కేటాయించండి. అది విస్తీర్ణానికి నష్టమని తెలిసి చేయాలి, అంతే.

కృష్ణాతీరం
మొత్తం విస్తీర్ణం వరకే చూస్తే రెండు రకాల హద్దులకూ తేడా ఎంత?

నిర్మల
తరగతి లోపల అందరూ సమానంగా పరచుకున్నారని అనుకుని లెక్క వేశాను. మొత్తం విస్తీర్ణం సుమారు 1,903 హెక్టార్లు. 120 శాంపిల్, నేమన్ కేటాయింపుతో ప్రామాణిక దోషం మీ 0.5, 2 హద్దులకు 82 హెక్టార్లు, 1, 3 హద్దులకు 77. ఇంతసేపు మనం పోట్లాడింది ఈ ఐదు హెక్టార్ల కోసం. అంతకంటే పెద్దది చివరి గడిలో ఉంది. 10 హెక్టార్లు దాటిన ఆ ఐదుగురినీ శాంపిల్ తీయకుండా అందరినీ అడిగేసి, మిగతా 115ను మూడు స్తరాలకూ పంచితే దోషం 68కి దిగుతుంది. 3 హెక్టార్లు దాటిన స్తరంలో కమతాల సంఖ్యను విచలనంతో గుణిస్తే వచ్చేది 296 నుంచి 154కి పడిపోతుంది. ఐదు కమతాలు చేసే పని అది. ఇంతగా ఒరిగిన జాబితాలో హద్దుల కంటే ముందు పై కొసను విడదీయాలి. ఆ కొసను ఎక్కడ కోయాలో కూడా లెక్కతో తేల్చడానికి లావాలీ, హిడిరోగ్లూ 1988లో పద్ధతి ఇచ్చారు. రవి గారు చెప్పిన ప్యాకేజీలోనే strata.LH ఉంది.

రవి_డేటా
అందరినీ అడగాల్సిన స్తరం ఒకటి ఉండాలంటే దానిలో takeall = 1 అని ఇవ్వాలి.

పాత సర్వేయర్
ఆ ఐదుగురిలో ఒక్కరు తలుపు తీయకపోతే? పెద్ద కమతాలవాళ్లు ఊళ్లో ఉంటారా? శాంపిల్‌లో అయితే ఇంకొకరిని చూసుకుంటాం. అందరినీ అడగాల్సిన స్తరంలో బదులు ఎవరు?

నిర్మల
అది గట్టి అభ్యంతరమే. బదులు ఉండదు. అందుకే వాళ్ల దగ్గరికి మొదటి వారమే వెళ్లాలి, ఎవరైనా దొరకకపోతే జాబితాలోని విస్తీర్ణం వాడుకుని ఆ మాట రిపోర్టులో రాయాలి.

కృష్ణాతీరం
ఇప్పుడే చూసుకున్నాను. ఆ ఐదింటిలో రెండు పాసుపుస్తకాన్ని బట్టి రాసినవే. యజమానులు ఊళ్లో లేరు, భూమిని కౌలుదార్లు ముక్కలుగా చేస్తున్నారు. వాటిని తీసుకెళ్లి చిన్న కమతాల్లో కలపాలా?

చెరువుగట్టు
నేను మొదటే చెప్పింది ఇదే కదండీ.

నిర్మల
శాంపిల్ తీయకముందే తెలిసింది కాబట్టి జాబితానే సరిచేయండి. ఆ రెండు పేర్లూ తీసేసి, ఆ ముక్కలు చేస్తున్న ఒక్కొక్కరి విస్తీర్ణం వాళ్ల వాళ్ల సొంతదానితో కలిపి రాసుకుని, మళ్లీ హద్దులు వేయండి. అదే శాంపిల్ తీశాక ఫీల్డులో తెలిస్తే మాత్రం స్తరం మార్చకూడదు. 0.4 అని రాసి ఉన్న రైతు 6 హెక్టార్లు సాగు చేస్తూ కనిపించినా, అతను ఏ స్తరం నుంచి వచ్చాడో ఆ స్తరం బరువుతోనే, అంటే అక్కడ శాంపిల్‌లోని ఒక్కొక్కరు ఎంతమంది తరఫున నిలుస్తారో ఆ లెక్కతోనే అంచనాలోకి రావాలి.

పాత సర్వేయర్
ఒక్క రైతు 6 హెక్టార్లు చిన్న రైతుల బరువుతో గుణించుకుని మొత్తం అంచనాను ఎగరేస్తాడు. అలాంటివాణ్ని మేము పై స్తరంలోకి మార్చేసేవాళ్లం. ఇప్పటికీ అదే సరైనదంటాను.

నిర్మల
మార్చేస్తే అంచనా ఎప్పుడూ కిందికే ఒరుగుతుంది సార్, ఎందుకంటే అలాంటి రైతులు శాంపిల్‌కు దొరకనివాళ్లలోనూ ఉంటారు, వాళ్ల తరఫున లెక్కలోకి వచ్చేది ఈయనొక్కడే. బరువు తగ్గించి తీరాలంటే ఎంత తగ్గించారో, ఎందుకో రాసి తగ్గించండి.

పాత సర్వేయర్
రాస్తే గైడ్ ఒప్పుకుంటారా అన్నది కృష్ణాతీరం గారు అడిగి చెప్పాలి. నేను మాత్రం మార్చమనే అంటాను.