వరంగల్ జనాభా పిరమిడ్‌లో హాస్టల్ పిల్లల్ని ఎలా లెక్కేయాలి?

నమస్కారం. హన్మకొండలో డిగ్రీ పిల్లలకు జాగ్రఫీ చెప్తాను. ఈసారి మన నగరానికే పిరమిడ్ గీయిద్దామని 2001, 2011 జనాభా లెక్కలు ముందేసుకున్నాం. ఒక దగ్గర ఆగిపోయాం, కాస్త దారి చూపండి.

అడుగు పట్టీ సన్నగా ఉంటే జననాలు తగ్గాయని చెప్తాం, అది సరే. మధ్యలో 15-24 దగ్గర పొట్ట వస్తే? పిల్లలు వెంటనే "ఇరవై ఏళ్ల కింద ఎక్కువ మంది పుట్టారు సార్" అన్నారు. నాకు అనుమానం. ఇక్కడ నిట్ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, కోచింగ్ హాస్టళ్లున్నాయి. చదువు కాగానే వాళ్లలో చాలామంది హైదరాబాద్ బస్సెక్కుతారు.

పరీక్ష ఇలా పెట్టాను. 2001లో 5-9 ఏళ్ల వాళ్లే 2011లో 15-19 అవుతారు. అప్పుడు 1000 మంది ఉండి, ఇప్పుడు 1300 అయితే, పెరిగిన 300 మంది బయటి నుంచి వచ్చినవాళ్లే కదా? చావులుంటాయి కాబట్టి ఇంకొంచెం ఎక్కువే.

తేడా చిన్నదేం కాదు. పిల్లలు 300, ముసలివాళ్లు 100, 15-59 వాళ్లు 600 అనుకుంటే, ఈ 15-59 వాళ్లు ప్రతి వందమందికి 67 మంది ఆధారపడ్డవాళ్లు. ఆ 600లో హాస్టల్ వాళ్లు 100 మందిని తీసేస్తే అదే 80 అవుతుంది.

2031కి అంచనా వేసేటప్పుడు ఈ పొట్టను పైకి జరపాలా, లేక కొత్త బ్యాచ్ వస్తూనే ఉంటుంది కాబట్టి 15-24 దగ్గరే ఉంచాలా? హాస్టల్ వాళ్లను వయసులవారీగా విడిగా చూపే పట్టిక నగరం స్థాయిలో దొరుకుతుందా? చేసినవాళ్లుంటే చెప్పండి.