టర్మ్ కవర్ లెక్కలో ఈఎంఐ కలపాలా, అప్పు మొత్తం కలపాలా?

తిరుచానూరు రోడ్డు
నాకు 36 ఏళ్లు. రేణిగుంట దగ్గర కంపెనీలో పని, చేతికి 66,000 వస్తుంది. ఇంట్లో భార్య (32), పిల్లలు 7, 3 ఏళ్లవాళ్లు, అమ్మ (64). ఇంటి లోన్ ఇంకా 24 లక్షలుంది, ఈఎంఐ 22,300, 17 ఏళ్లు కట్టాలి. బంగారం మీద 2 లక్షల లోన్. ఈఎంఐ కాక ఇంటి ఖర్చు నెలకు 29,000. స్కూలు ఫీజులు ఏడాదికి 60,000, అవి వేరే. పీఎఫ్‌లో 6 లక్షలు, 5 లక్షల పాత పాలసీ ఒకటి ఉన్నాయి. టర్మ్ పాలసీ ఎంతకు తీసుకోవాలి? ఎమర్జెన్సీకి ఎంత పక్కన పెట్టాలి? ఒకరు 50 లక్షలు చాలంటారు, ఇంకొకరు 2 కోట్లంటారు. ఇంటి లోన్‌కు బ్యాంకు అప్పుడే ఇన్సూరెన్స్ చేసింది కాబట్టి ఆ లోన్‌ను లెక్కలో కలపొద్దని మా బావ అంటున్నాడు.

రేణిగుంట షిఫ్టు
బ్రో, ఇంత ఆలోచించక్కర్లేదు. ఏడాది జీతానికి 15 రెట్లు తీసుకో. నీకు 7.92 లక్షలు కాబట్టి సుమారు 1.19 కోట్లు, రౌండుగా 1.2 కోట్లు. మా లైన్లో అందరం అలాగే తీసుకున్నాం. ఎమర్జెన్సీకి 3 నెలల జీతం చాలు. ఇంకా భద్రంగా ఉండాలంటే నెల ఖర్చు, ఈఎంఐ అన్నీ కలిపి ఏళ్లతో గుణించి, దాని మీద లోన్ కూడా కలుపుకో.

పాత బ్యాంకు మనిషి
జీతానికి 15 రెట్లు అన్నది తొందరలో వేసే అంచనా. తప్పని అనను. కానీ అందులో పిల్లలున్నారా, అప్పుందా, భార్య ఉద్యోగం చేస్తుందా అన్నవి కనిపించవు. ఇదే జీతం ఉన్న, అప్పులేని, భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంటికి 1.2 కోట్లు ఎక్కువ కావచ్చు. వీరికి తక్కువ.

ఆ చివరి సలహా మాత్రం వద్దు. ఈఎంఐ 22,300 చొప్పున 17 ఏళ్లకు సుమారు 45.5 లక్షలవుతుంది. దాని మీద మళ్లీ లోన్ 24 లక్షలు కలిపితే, 24 లక్షల బాకీ కోసం దాదాపు 70 లక్షల కవర్ కొన్నట్టే. రెండింట్లో ఒకటే ఉండాలి. మీరు లేనప్పుడు కుటుంబం మొదట బాకీ తీర్చేస్తుంది, ఆ తర్వాత ఈఎంఐ ఉండదు. అందుకే టర్మ్ లెక్కలో ఈఎంఐ తీసేసి బాకీ మొత్తం వేయాలి.

ఎమర్జెన్సీ లెక్క దీనికి తిరగబడుతుంది. ఉద్యోగం పోతే మీరు బతికే ఉంటారు, లోన్ అలాగే ఉంటుంది, బ్యాంకు ప్రతి నెలా ఈఎంఐ అడుగుతుంది. అక్కడ ఈఎంఐ ఉండాలి, బాకీ మొత్తం అక్కర్లేదు. మీ సొంత ఖర్చు కూడా అంతే. టర్మ్ లెక్కలో తీసేయాలి, ఎమర్జెన్సీ లెక్కలో ఉంచాలి.

లెక్క వేద్దాం. 29,000లో మీ పెట్రోలు, ఫోను, క్యాంటీన్ కలిపి 6,000 అనుకుంటే కుటుంబానికి 23,000 కావాలి. స్కూలు ఫీజు నెలకు 5,000 పడుతుంది. మొత్తం 28,000, అంటే ఏడాదికి 3.36 లక్షలు. చిన్నపిల్ల 23 ఏళ్లకు వచ్చేదాకా, అంటే 20 ఏళ్లకు, 67 లక్షలు. ఆ తర్వాత మీ భార్యకు నెలకు 14,000 అనుకుని, 52 నుంచి 85 ఏళ్ల దాకా 33 ఏళ్లకు 55 లక్షలు. ఇవన్నీ ఇవాళ్టి ధరల్లో వేశాను. వచ్చిన డబ్బు మీద వడ్డీ, ధరల పెరుగుదల రెండూ సమానంగా ఉంటాయనుకున్నాను కాబట్టి మామూలు గుణకారం సరిపోయింది. మొత్తం 1.22 కోట్లు. దీనికి లోన్లు 26 లక్షలు, ఇద్దరి పెద్ద చదువులకు 20 లక్షలు కలపండి. పీఎఫ్, పాత పాలసీ కలిసి 11 లక్షలు తీసేయండి. 1.57 కోట్లు వస్తుంది.

వడ్డీ ధరల కంటే ఏటా ఒక శాతం ఎక్కువ వస్తుందని నమ్మితే ఆ 1.22 కోట్లు 99 లక్షలకు దిగుతుంది. అప్పుడు కవర్ సుమారు 1.34 కోట్లు. నేనైతే 1.5 కోట్లకు తగ్గను. ఆ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్లలో పెట్టుకునే ఇల్లాలికి ఏటా ఆ ఒక శాతం మిగులుతుందని నేను పందెం కాయలేను. ఇల్లును మాత్రం తీసివేతలో వేయకండి. అందులో వాళ్లు ఉండాలి కదా.

చంద్రగిరి కోట వీధి
సార్, 33 ఏళ్లు ఆమె ఏమీ సంపాదించదని ఎందుకు అనుకోవాలి? 32 ఏళ్ల మనిషి. నెలకు 10,000 సంపాదించినా 20 ఏళ్లలో 24 లక్షలు తగ్గుతుంది. ప్రీమియం భారం మోసేది ఆ కుటుంబమే.

గ్రీమ్స్‌పేట అక్క
సంపాదిస్తుంది బాబూ, కానీ మొదటి రెండు మూడేళ్లు కాదు. మా ఆయన పోయినప్పుడు నా చిన్నవాడికి నాలుగేళ్లు. కుట్టు మిషన్ మీద కూర్చోవడానికే ఏడాది పట్టింది. అది కలిపి లెక్క తగ్గిస్తే, సరిగ్గా ఆ కష్టకాలంలోనే చేతిలో డబ్బు ఉండదు.

ఇంకో మాట. బ్యాంకు ఇన్సూరెన్స్ చేసిందని మేమూ నమ్ముకున్నాం. కాగితం తీసి చూస్తే అది ఇంటికి చేసిన అగ్ని ప్రమాద బీమా. గోడలు కాలిపోతే డబ్బు వస్తుంది, మనిషి పోతే రాదు. తమ్ముడూ, నువ్వు ఈ రోజే నీ కాగితం తీసి చూడు.

పాత బ్యాంకు మనిషి
అమ్మా, మీరు చెప్పింది చాలా ఇళ్లలో జరుగుతోంది. సర్టిఫికెట్‌లో మూడు విషయాలు చూడాలి. బీమా చేసింది మనిషి ప్రాణానికా, కట్టడానికా? ప్రాణానికైతే ఎన్నేళ్లకు? లోన్ 20 ఏళ్లున్నా పాలసీ 5 ఏళ్లకే ఉండొచ్చు. మూడోది, ఏటా కవర్ ఎంత తగ్గుతుందో చూపించే పట్టిక. అది మొదట్లో అనుకున్న వడ్డీ ప్రకారం తగ్గుతుంది. మధ్యలో వడ్డీ పెరిగి మీ బాకీ నెమ్మదిగా తగ్గితే తేడా కుటుంబం మీదే పడుతుంది. ఈ మూడూ సరిగ్గా ఉంటేనే ఆ పట్టికలో ఈ ఏడాదికి రాసిన మొత్తాన్ని తీసివేయండి.

చంద్రగిరి బాబు వాదనలో న్యాయం ఉంది. ఆ భాగం ప్రతి ఇంటికీ వేరుగా ఉంటుంది, ఇక్కడ తేల్చలేం.

ఎస్వీ యూనివర్సిటీ పాత విద్యార్థి
ఎమర్జెన్సీ అంటే ఆసుపత్రి ఖర్చే కదా? ఇంటిల్లిపాదికీ కలిపి 10 లక్షల ఆరోగ్య బీమా, అదే ఫ్యామిలీ ఫ్లోటర్, తీసుకుంటే పని అయిపోతుంది. డబ్బు పక్కన పెట్టడం దేనికి?

కొండ టాక్సీ
అన్నా, ఫ్లోటర్ బియ్యం కొనివ్వదు. 2020 మార్చిలో తిరుమల దర్శనాలు ఆగిపోయాయి, మళ్లీ జూన్‌లో గానీ మొదలవలేదు. మొదలైన తర్వాత కూడా కొండకు వచ్చే జనం చాలా తక్కువ. నాకు ఆరోగ్యం బాగానే ఉంది, బండి బాగానే ఉంది, బేరం లేదు. మూడు నెలల డబ్బు ఉంటే చాలంటున్నారే, మాలాంటి వాళ్లకు అది ఏ మూలకూ చాలదు. నేను బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవుల ఆదాయం చూసి లెక్క వేయాలా, ఆషాఢంలో వచ్చేది చూసి వేయాలా? నా బండి లోన్ 5 లక్షలుంది.

పాత బ్యాంకు మనిషి
ఆదాయం చూడకండి, ఖర్చు చూడండి. ఎమర్జెన్సీ డబ్బు ఖర్చుకే. ఆదాయం ఎంత నిలకడగా వస్తుందన్నది ఎన్ని నెలలకు పెట్టుకోవాలో చెబుతుంది. నెల జీతం, ఒక్కరి సంపాదన అయితే 6 నెలలు. ఊరంతా ఒకే పుణ్యక్షేత్రం మీద ఆధారపడే పని మీది. అది ఆగితే పక్కవాడి దగ్గర చేబదులు కూడా దొరకదు, ఎందుకంటే అతనికీ ఆగిపోతుంది. మీకు 9 నుంచి 12 నెలలు. టర్మ్ లెక్కలో మీ బండి విషయం ఇంటిలా కాదు. మీరు లేకపోతే బండి అమ్ముతారు. తొందరలో అమ్మితే వచ్చే ధర తీసేసి మిగిలిన బాకీనే కలపండి.

తిరుచానూరు రోడ్డు
అక్కా, ఇంటికెళ్లి చూశాను. మాదీ ఇంటి బీమానే. బావకు ఫోటో పంపాను. సార్, ఒక సంగతి చెప్పలేదు. చీటీ ఒకటి పాడుకున్నాను, ఇంకా 12 నెలలు నెలకు 5,000 కట్టాలి. అది పొదుపే కదా?

పాత బ్యాంకు మనిషి
పాడకముందు పొదుపు, పాడుకున్నాక అప్పు. 60,000 బాకీ కింద కలపండి. కవర్ 1.58 కోట్లు అవుతుంది. 1.5 కోట్లో 1.6 కోట్లో కంపెనీ ఇచ్చే స్లాబ్ చూసుకోండి. ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్ ద్వారా వచ్చే ఈడీఎల్‌ఐ బీమా సొమ్ము గరిష్ఠంగా 7 లక్షలుంటుంది. దాన్ని తీసివేయొద్దు, ఉద్యోగం మారే మధ్యలో అది ఉండకపోవచ్చు.

ఎమర్జెన్సీకి: ఇంటి ఖర్చు 29,000, ఫీజు 5,000, ఈఎంఐ 22,300, చీటీ 5,000, బంగారం లోన్ వడ్డీ సుమారు 1,500. నెలకు 62,800, ఆరు నెలలకు 3.77 లక్షలు. కొత్త టర్మ్ ప్రీమియాన్ని కూడా నెలకు పంచి కలపండి. జీతం ఆగినప్పుడు చాలామంది మొదట ఆపేది ప్రీమియమే. గడువు దాటితే పాలసీ రద్దవుతుంది, మళ్లీ తీసుకోవాలంటే అప్పటి వయసుకు, అప్పటి ఆరోగ్యానికి. ఈ డబ్బు భార్యాభర్తలిద్దరి పేరా, ఎవరైనా తీసుకునేలా ఉండాలి. మీ ఒక్కరి పేరున ఉంటే, క్లెయిమ్ వచ్చేలోపు ఆమె చేతికి ఏమీ అందదు.

అప్పులున్నవారు కాబట్టి పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకునే వీలుందా అని అడగండి. అలా తీసుకుంటే ఆ సొమ్ము భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయలేరు. తర్వాత అందులో పేర్లు మార్చలేరు, అది ఆలోచించుకోండి.

చంద్రగిరి కోట వీధి
3.77 లక్షలు ఊరికే డిపాజిట్‌లో పెట్టడమెందుకు? ఇంట్లో బంగారం ఉంటే గంటలో లోన్ వస్తుంది.

గ్రీమ్స్‌పేట అక్క
వస్తుంది. కానీ జీతం లేని ఇంటికి వడ్డీ కట్టే పని ఇంకొకటి తగులుతుంది. ఈ తమ్ముడి బంగారంలో కొంత ఇప్పటికే తాకట్టులో ఉంది కూడా.

చంద్రగిరి కోట వీధి
సరే అక్కా, సగం డబ్బు, సగం బంగారం. అంతకన్నా నేను దిగను.

తిరుచానూరు రోడ్డు
ముందు చీటీ అయిపోయాక ఆ 5,000 డిపాజిట్‌లోకి మళ్లిస్తాను. 3.77 లక్షలు చేరడానికి ఏళ్లు పడుతుంది. టర్మ్ మాత్రం ఈ నెలలోనే తీసుకుంటాను. అమ్మ మందుల ఖర్చు 29,000లోనే ఉంది సార్. వయసుతో అది పెరుగుతుంది కదా, దానికి వేరేగా ఎంత కలపాలి?

పాత బ్యాంకు మనిషి
ఇప్పుడు నెలకు ఎంతవుతోందో, ఏ జబ్బులకో రాయండి. మీ 28,000లో అమ్మగారి వాటా 20 ఏళ్లకూ లెక్కలో పడింది, అంటే ఆమెకు 84 వచ్చేదాకా. ఆ వాటాలో కొంత మందులకు సర్దుబాటవుతుందో లేదో అంకెలు చూస్తే తెలుస్తుంది.