‘అయిపోయినట్టే అక్కా’ అన్న మాటను జర్మనీకి ఎలా రాయాలి?

పీణ్యా పర్చేజి: మాకు జింక్ ప్లేటింగ్ చేసిచ్చే ఆయనది హిందూపురం వైపు. బ్రాకెట్లు 2,000 అడిగాం, జూన్ 14న షిప్‌మెంట్. ఏమైందని వాట్సాప్‌లో అడిగితే ‘అయిపోయినట్టే అక్కా, రేపు లోడ్ చేసేస్తాం’ అన్నాడు. ఇటు జర్మనీలో పర్చేజింగ్ డైరెక్టర్‌కి ఇవాళ మెయిల్ పెట్టాలి. ‘దాదాపు పూర్తయింది’ అని ఇంగ్లీషులో రాస్తే సరిపోతుందా? ఆమెకి ఎంత మర్యాదగా రాయాలి?

మల్లేశ్వరం మాస్టారు: మర్యాదంటే ‘మీరు’ అనడమేనమ్మా. మా ఇంటి ఓనరుకి అద్దె గురించి రాసినా ‘తమరు’ అనే రాస్తాను, ఇంతవరకు గొడవ లేదు.

కోరమంగళ: మాస్టారూ, ఆవిడ రాసేది ఇంగ్లీషులో. ఫారిన్‌వాళ్లకి మర్యాదలేం అక్కర్లేదు, ఫస్ట్ నేమ్ పెట్టి రెండు లైన్లు రాస్తే చాలు. నేను రోజూ అదే చేస్తాను.

ఎక్స్‌పోర్ట్ పాత కాపు: మీ క్లయింట్లు అమెరికావాళ్లు అయ్యుంటారు. అక్కడ చాలామటుకు అది చెల్లుతుంది. జర్మనీలో పై స్థాయివాళ్లకి మొదటిసారి రాసేటప్పుడు ఇంటిపేరుతోనే పిలవాలి, డాక్టరేట్ ఉంటే అదీ రాయాలి. జపాన్‌వాళ్లకైతే ఇంటిపేరు వెనక ‘సాన్’. తర్వాత ఆమె మీకు రాసిన మెయిల్ కింద ఒక్క ఫస్ట్ నేమ్‌తో సంతకం చేసిందనుకోండి, అప్పుడు మీరూ అలా పిలవొచ్చు. ‘రెస్పెక్టెడ్ మేడం’, ‘డూ ది నీడ్‌ఫుల్’ మాత్రం వద్దు. రెండోది ఒకప్పటి బ్రిటిష్ వాడుకే, ఇప్పుడు అక్కడ పాతబడింది, మన దగ్గరే బతికుంది.

అసలు చిక్కు పిలుపులో లేదు, ‘అయిపోయినట్టే’లో ఉంది. ఆ ‘ట్టే’ని నమ్మి ‘దాదాపు పూర్తయింది’ అని రాస్తే ఆమె తన లైన్‌ని దాన్నిబట్టే ప్లాన్ చేసుకుంటుంది. అతను అబద్ధం చెప్పలేదు. సరుకు టబ్బులోంచి బయటికొచ్చి ఉండొచ్చు, ప్యాసివేషన్, మందం చెకింగ్, ప్యాకింగ్ మిగిలి ఉండొచ్చు. మనవాళ్లని ‘అయిందా?’ అని అడిగితే మొహమాటానికి ‘అయినట్టే’ అనే జవాబే వస్తుంది. అంకె అడగండి:

‘అన్నా, నమస్తే. మొన్నటి బిల్లు అకౌంట్స్‌కి పంపించేశాను. ఆ 2,000లో ప్యాసివేషన్ అయినవి ఎన్ని ఉంటాయి? మిగతావి ఏ రోజుకొస్తాయో చెప్తే బండి ఆ రోజుకే పంపిస్తా.’

బిల్లు సంగతి నిజమైతేనే రాయండి. గడువు మాట నేరుగా ఎత్తకుండా బండి మీద పెట్టాను, చూడండి. ‘ఎందుకు లేటు’ అని అడిగినట్టు ఉండదు, తేదీ మాత్రం రాతలో చేతికొస్తుంది.

పీణ్యా పర్చేజి: ఇప్పుడే పంపాను సార్. 1,200 రెడీ, మిగతా 800 వచ్చేసరికి 20 అవుతుందట! ‘రేపు లోడ్’ అన్నది ఆ 1,200 గురించేనంట.

ఎక్స్‌పోర్ట్ పాత కాపు: ఇప్పుడు మెయిల్ దానంతట అదే వస్తుంది. మొదటి వాక్యంలోనే 1,200 పీసులు జూన్ 14న, 800 జూన్ 21న బయల్దేరతాయని రాయండి. రెండో వాక్యంలో కారణం, ప్లేటింగ్ ఆలస్యమైందని, అంతే. మూడోది ఆమె తేల్చాల్సిన విషయం: రెండు విడతలుగా పంపడం సమ్మతమేనా, 12లోగా చెప్పగలరా అని. క్షమాపణ ఒక్కసారి చాలు. మన పద్ధతిలో కుశలప్రశ్నలు, కష్టసుఖాలు అయ్యాక చివర్లో తేదీ చెప్తే, ఏదో దాస్తున్నారనుకుంటారు. నెలని అక్షరాల్లో రాయండి. కాపీ అమెరికా ఆఫీసుకి వెళ్తే 12/6 అంటే వాళ్లకి డిసెంబరు 6.

కోరమంగళ: సరే, ఫస్ట్ నేమ్ మాట వెనక్కి తీసుకున్నా. కానీ ప్లేటర్ వల్లే లేటయిందని ఎందుకు రాయాలి? వాళ్లకి సప్లయర్ ఎవరైతే ఏంటి, ఆర్డర్ తీసుకుంది మనమేగా.

ఎక్స్‌పోర్ట్ పాత కాపు: పేరు రాయమనలేదు. ప్రాసెస్ ఏదో చెప్పకపోతే తిరిగి అదే అడుగుతారు.

కోరమంగళ: నాకైతే అది తప్పు పక్కకి నెట్టినట్టే ఉంది.

అంబత్తూరు క్వాలిటీ: నాదో డౌటు. ఈ ‘అన్నా’ అంతా బానే ఉంది, రిజెక్షన్ వస్తే ఏం చేస్తారు? రికార్డు కావాలని నేను పీసుల ఫోటోలతో, పీవో నంబరుతో ‘గారు’ అంటూ మెయిల్ పెడతాను. పెట్టిన పది నిమిషాల్లో ఫోన్: ‘ఏం సార్, మెయిల్ దాకా వెళ్లారు, మన మధ్య ఏమైనా తేడా వచ్చిందా?’

పీణ్యా పర్చేజి: మా ప్లేటరూ అంతే. నేను ముందు ఫోన్ చేసి, ‘ఆడిట్‌కి కావాలన్నా, మెయిల్ పెడుతున్నా, ఏమనుకోవద్దు’ అని చెప్పి పంపిస్తా.

అంబత్తూరు క్వాలిటీ: అలా చెప్తే ఆడిట్ కోసమే కదా అని మెయిల్ తెరవడం కూడా మానేశారు మావాళ్లు. ఇంకేదైనా దారి ఉంటే చెప్పండి.