వాతావరణ చార్టు: పిల్లలు ఆకాశం వైపు చూడకుండానే సూర్యుడి బొమ్మ పెట్టేస్తున్నారు

గోడచార్టు
నేను నాలుగైదేళ్ల పిల్లలకు చెబుతాను. తరగతి గోడకు వాతావరణ చార్టు ఉంది. సూర్యుడు, మబ్బు, వాన, గాలి అని నాలుగు రకాల బొమ్మలు. రోజూ పొద్దున ఒకరిని పిలిచి "ఈరోజు వాతావరణం ఎలా ఉంది?" అని అడుగుతాను. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది సూర్యుడి బొమ్మ పెట్టేసి వెళ్లి కూర్చుంటారు. బయట మబ్బు పట్టి ఉన్నా సూర్యుడే! మిగతా అందరూ "ఎండగా ఉంది" అని ఒకే రాగం తీస్తారు. వాళ్లకు వచ్చిన కొత్త మాట ఒక్కటీ లేదు.

నెలాఖరున, చార్టు నింపిన 20 రోజుల బొమ్మలన్నీ తీసి వరుసలుగా అంటించాం. సూర్యుడు 11, మబ్బు 6, వాన 3. "వాన కంటే ఎండ ఎన్ని రోజులు ఎక్కువ?" అంటే అందరూ "పదకొండు" అన్నారు. ఇంకో సమస్య కూడా ఉంది. పొద్దున ఎండగా ఉండి మధ్యాహ్నం వాన పడితే బొమ్మ మార్చాలా? గాలి బొమ్మను ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. ఎక్కడి నుంచి సరిచేయాలో చెప్పండి.

చిన్నోడి నాన్న
మేడమ్, ఫోన్లో వాతావరణం చూసి పెట్టించండి, తప్పు ఉండదు. మా వాడికి ఉరుములంటే చచ్చేంత భయం. రేపు ఉరుముతుందో లేదో ముందే చెప్పే చార్టు ఏదైనా ఉంటే మాకూ చెప్పండి. రాత్రి పడుకోబెట్టేటప్పుడు టెన్షన్ తగ్గుతుంది.

పలకాబలపం
చిన్నోడి నాన్నగారూ, మీరు అడిగేది రేపటి అంచనా. మేడమ్ అడిగేది ఈరోజు కంటికి కనిపించింది రాసుకోవడం గురించి. ఫోన్లో చూసి బొమ్మ పెడితే పిల్లలు నేర్చుకునేది ఫోన్ చూడటమే. పైగా ఫోన్లో వాన అని ఉండి కిటికీ బయట ఎండ కాస్తుంటే ఏది పెట్టాలి?

మేడమ్, మొదటి చిక్కు మీ ప్రశ్నలోనే ఉంది. "వాతావరణం ఎలా ఉంది" అన్నది నాలుగేళ్ల పిల్లలకు చాలా పెద్ద ప్రశ్న. అందులో ఆకాశం, వాన, గాలి, వేడి అన్నీ కలిసిపోయాయి. అందుకే నోటికి అలవాటైన జవాబు వస్తుంది. ఒకే విషయం అడగండి: "ఆకాశంలో మబ్బు ఎంత ఉంది?" అడిగేది గదిలో కూర్చోబెట్టి కాదు, గుమ్మం దాటించి ఆరుబయట నిలబెట్టి. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని ముందే చెప్పాలి. చార్టు దగ్గరికి వచ్చేది ఆ తర్వాతే. బొమ్మలు కళ్ల ముందుంటే నచ్చిన బొమ్మ ఎంచుకుంటారు. సూర్యుడి బొమ్మ రంగురంగులుగా ఉంటుంది కాబట్టి ఎక్కువసార్లు అదే గెలుస్తుంది.

బొమ్మలు కూడా మార్చి చూడండి. వాతావరణ శాస్త్రజ్ఞులు మ్యాపుల మీద మబ్బును సున్నా చుట్టి చూపిస్తారు. మబ్బు లేకపోతే ఖాళీ సున్నా, ఆకాశంలో సగం మబ్బుంటే సగం నింపిన సున్నా, మొత్తం కమ్మేస్తే నిండా నల్లటి సున్నా. వాళ్లు ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా లెక్కవేస్తారు. మనకు మూడు చాలు: ఖాళీ, సగం, నిండుగా. వానకు ఒక చుక్క, సన్న తుంపరకు కామా, మంచు కురిస్తే నక్షత్రం, పొగమంచుకు మూడు అడ్డగీతలు. ఇవన్నీ పిల్లలు సొంతంగా గీయగలిగినవే. అంటించే బొమ్మ పక్కన పెట్టి పెన్సిల్ చేతికివ్వండి. తాను గీసిన గుర్తును తానే మళ్లీ చదవగలగడం నమోదు చేయడంలో మొదటి మెట్టు.

లెక్కల మాస్టారు
ఇంత తిప్పలెందుకండీ? పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన అయితే ఒకే గడిలో రెండు బొమ్మలూ పెట్టించండి. నిజం అదే కదా. కిటికీ బయట ఒక థర్మామీటర్ కూడా వేలాడదీయండి, అంకె అబద్ధం చెప్పదు.

పలకాబలపం
మాస్టారూ, రోజంతా జరిగింది చెప్పాలనే మాట సరైనదే. కానీ ఒకే గడిలో రెండు బొమ్మలు పెడితే నెలాఖరున లెక్క చెడుతుంది. చార్టు నింపింది 20 రోజులు. ఒక్కో రోజుకు ఒకే బొమ్మ అయితే వరుసలన్నీ కూడితే 20 రావాలి. మేడమ్ లెక్కలో 11, 6, 3 కలిపితే సరిగ్గా 20 వచ్చింది. నాలుగు రోజులు రెండేసి బొమ్మలు పెట్టి ఉంటే 24 వచ్చేది. అప్పుడు ఎక్కడైనా బొమ్మ పోయిందా, ఎక్కువ పెట్టామా అని చూసుకునే దారే ఉండదు.

ఆకాశానికి ఒక వరుస, వానకు ఇంకో వరుస పెడితే సరిపోతుంది. పొద్దున అదే వేళకు ఆకాశం వరుస నింపుతారు. వాన వరుసను ఇంటికి వెళ్లే ముందు నింపుతారు. బడి వేళలో వాన పడితే చుక్క, పడకపోతే అడ్డగీత. పొద్దున గీసిన సున్నాను ఎవరూ చెరపరు, ఎందుకంటే అది పొద్దున చూసింది. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఆకాశం వరుస అలవాటయ్యాకే వాన వరుస.

థర్మామీటర్ ఎండలో వేలాడితే ఎండకు తానే వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. వాతావరణ కేంద్రాల్లో దాన్ని గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నేల నుంచి 1.25 మీటర్ల నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉంచుతారు. కిటికీకి నీడ ఉంటే పెట్టండి. కానీ ఈ వయసు పిల్లలకు అంకె చదవడం కష్టం. పక్కన రంగు పట్టీలు అతికించి ఎర్ర మందు ఏ రంగు దాకా వచ్చిందో చెప్పమంటే చాలు.

లెక్కల మాస్టారు
నీడ మాట ఒప్పుకుంటాను. రెండు వరుసలంటే మాత్రం పిల్లలు తికమకపడతారనే నా అనుమానం. ఒకే వరుస, ఒకే వేళ, అంతే. మధ్యాహ్నం వాన పడితే నోటితో మాట్లాడుకుంటారు.

గోడచార్టు
సరే, ఆకాశం వరుసతో మొదలుపెడతాను. మరి ఆ "పదకొండు" సంగతి? ఇంకో విచిత్రం చెప్పడం మరిచాను. మబ్బు బొమ్మలు 6, వాన 3 అని చెప్పాను కదా. అంటించాక చూస్తే రెండు వరుసలూ దాదాపు ఒకే ఎత్తుకు వచ్చాయి! వాన బొమ్మలు పెద్దవి. పిల్లలు "రెండూ సమానం" అన్నారు. లెక్కపెట్టి 6, 3 అని చెప్పాక కూడా "కాదు, సమానమే" అని వాదించారు.

పలకాబలపం
అది వాళ్ల తప్పు కాదు, వాళ్లు పొడవును చదివారు. చార్టులో పొడవు నిజం చెప్పాలంటే ఒక్కో రోజుకు ఒకే కొలత గడి ఉండాలి. 4 సెంటీమీటర్ల చదరపు కాగితం ముక్కలు కత్తిరించండి. గుర్తు చిన్నదైనా పెద్దదైనా ఆ చదరం లోపలే గీయాలి. వరుసలన్నీ ఒకే గీత నుంచి మొదలవ్వాలి. ముక్కకు ముక్క ఆనుకుని ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

"ఎన్ని ఎక్కువ" అంటే పెద్ద అంకె చెప్పడం ఈ వయసులో మామూలే. "ఎండ ఎన్ని" అన్నట్టే వాళ్లకు వినిపిస్తుంది. 11కి 3కి పోలిక అడగకండి, ఒక వారంతో మొదలుపెట్టండి. ఒక వారంలో సోమవారం ఖాళీ సున్నా, మంగళవారం ఖాళీ, బుధవారం నిండుగా, గురువారం ఖాళీ, శుక్రవారం సగం అనుకుందాం. ఈ ఐదు చదరాలు రోజుల వరుసలోనే ఉంటాయి, వాటిని కదపొద్దు. ఏ రోజు ఏమైందో చెప్పేది అదే. శుక్రవారం మధ్యాహ్నం వాటికి నకళ్లు గీయించండి. ఒక్కో నకలు గీశాక అసలు చదరం మూలన చిన్న టిక్కు పెట్టాలి. లేకపోతే ఒకే రోజును రెండుసార్లు లెక్కేస్తారు.

ఇప్పుడు ఆ నకళ్లను గుర్తుల వారీగా పేర్చండి. ఖాళీ మూడు, సగం ఒకటి, నిండుగా ఒకటి. ఖాళీ వరుసను, నిండు వరుసను పక్కపక్కన ఉంచి ఒక ఖాళీ సున్నాకు ఒక నిండు సున్నా జత కట్టించండి. "జత దొరకనివి ఎన్ని మిగిలాయి?" అని అడగండి. రెండు అంటారు. ఆ మిగిలినవాటినే ఎక్కువ అంటామని అప్పుడు చెప్పండి. కొన్ని వారాలు "మిగిలినవి" అనే అడిగి, ఆ తర్వాత "ఎన్ని ఎక్కువ"కు మారండి.

చిన్నోడి నాన్న
బడి లేని రోజులకు ఏం పెడతారు? మేం ఇంట్లో గోడకు క్యాలెండర్ వేసి మొదలుపెట్టాం. మధ్యలో రెండు రోజులు ఊరెళ్లాం. మా వాడు ఆ రెండు గడుల్లో సూర్యుణ్ణి గీసేశాడు, బాగుంటుందని.

పలకాబలపం
చూడని రోజుకు గుర్తు పెట్టకూడదు. గడి ఖాళీగా వదిలితే మరిచిపోయామా, చూడలేదా అన్నది తర్వాత తెలియదు. మూసిన కన్ను బొమ్మ గీయించండి. "ఇది మనం చూడలేదు" అని పిల్లాడే చదివి చెబుతాడు. వారం చివర ఆకాశం లెక్కలో మూసిన కన్ను చేరదు.

రంగుల పెట్టె
మాటల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మాటల జాబితా ఇచ్చి బట్టీ పట్టించే రకం కాదు, ఆ రోజు జరిగిన మాటే ఆ రోజు చెబుతాను. సన్నగా పడుతుంటే చేయి చాపించి "తుంపర" అంటాను. వచ్చి ఆగిపోతే "జల్లు". తెరిపి లేకుండా పొద్దంతా పడితే "ముసురు". మబ్బు కమ్మి గాలి ఆడకుండా చెమట పోస్తే "ఉక్కపోత". పిల్లలు గుర్తు గీసి ఊరుకోకుండా ఒక పూర్తి వాక్యం చెప్పాలి: "ఆకాశం నిండా మబ్బు ఉంది, కానీ వాన లేదు." ఆ "కానీ" రావడానికి చాన్నాళ్లు పడుతుంది. "నిన్న ఖాళీగా ఉంది, ఈరోజు సగం మబ్బు" అనే పోలిక మాత్రం చార్టు ముందు నిలబెడితే త్వరగానే వచ్చేస్తుంది.

గోడచార్టు
మరి గాలి? అది కంటికి కనపడదు కదా, అందుకే ఎవరూ ఆ బొమ్మ తీయడం లేదేమో.

పలకాబలపం
గాలి చేసే పని కనపడుతుంది. ఆకులు కదలకపోతే గాలి లేదు. ఆకులు గలగలలాడితే కొంచెం గాలి. నేల మీద కాగితం ముక్కలు, దుమ్ము లేస్తే గట్టి గాలి. బ్యూఫోర్ట్ కొలమానం అని నావికులు వాడినదానిలోనూ నేల మీద గాలిని ఇలాంటి ఆనవాళ్లతోనే అంచనా వేస్తారు. రోజూ ఒకే చెట్టు చూడాలి. చెట్టు లేకపోతే ఒకే చోట రిబ్బను కట్టండి.

లెక్కల మాస్టారు
రిబ్బను గోడ పక్కన కట్టకండి. మా గుమ్మం దగ్గర గాలి గోడకు కొట్టుకుని సుడి తిరుగుతుంది, రిబ్బను పైకీ కిందికీ పిచ్చిగా ఊగుతుంది. బయటకెళ్తే ఆకు కూడా కదలదు.

గోడచార్టు
మా ఆవరణలో చెట్టు లేదు, మూడు వైపులా గోడలే. రిబ్బను ఎక్కడ కట్టాలో రేపు చూస్తాను. సోమవారం నుంచి ఆకాశం వరుస మొదలు. సగం మబ్బుకూ నిండు మబ్బుకూ మధ్యలో ఉంటే పిల్లలు కొట్టుకుంటారు, అప్పుడు ఏది గీయాలి?

రంగుల పెట్టె
చేతులెత్తించండి, ఎక్కువ మంది దేనికి ఎత్తితే అది.

పలకాబలపం
ఓటు నాకంత ఇష్టం ఉండదు. నీలం ఎక్కడైనా కనిపిస్తే సగం, ఎక్కడా కనిపించకపోతే నిండు. ఈ నియమం ముందే చెప్పి పెట్టండి, తర్వాత మార్చొద్దు.