అప్‌డేట్: పోర్క్ బెల్లీ తోలు ఈసారి కరకరలాడింది

నా పాత ప్రశ్న: "ఓవెన్‌లో రెండు గంటలు పెట్టినా పోర్క్ బెల్లీ తోలు రబ్బరులా సాగుతోంది, ఎందుకు?"

తప్పంతా తడిదే. ఈసారి కిలో ముక్కను టిష్యూతో తుడిచి, తోలుకు ఉప్పు రాసి, మూత పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున గోరుతో కొడితే అట్టముక్కలా టకటకమంది. పైకి ఊరిన చెమ్మ తుడిచి, మళ్లీ కాస్త ఉప్పు చల్లాను.

160 డిగ్రీల్లో రెండు గంటలకు మాంసం మెత్తబడింది, తోలు మాత్రం నున్నగానే ఉంది. అప్పుడు 240కి పెంచాను. పది నిమిషాల్లో సన్నటి బుడగలు లేచాయి! ఒక మూల పల్లంగా ఉండి పొంగలేదు. దాని కింద ఫాయిల్ ఉండ పెట్టి ఎత్తు చేస్తే అదీ పొంగింది. ఆ సమయంలో ఓవెన్ ముందు నుంచి కదలకండి, చూస్తుండగానే మాడిపోతుంది. బయటికి తీశాక ఏమీ కప్పలేదు, కప్పితే ఆవిరికి తోలు మళ్లీ మెత్తబడుతుంది.